కొడుక్కి పదకొండుంబావు ఏళ్లెలా వచ్చాయి?

మాష్టారు గారికి నమస్కారాలు. మాది కావలి. డిగ్రీ అయి రెండేళ్లయింది. పగలు మా మేనమామ గారి చెప్పుల దుకాణంలో పద్దులు రాస్తూ, రాత్రిళ్లు రైల్వే పరీక్షలకు చదువుకుంటున్నాను. నెల్లూరులో కోచింగ్‌కు వెళ్లే నా స్నేహితురాలు అక్కడి ఆప్టిట్యూడ్ పరీక్ష పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి పంపుతుంది. సమీకరణం ఇస్తే నేను సాధించగలను, కానీ మాటల్లో ఇస్తే చెయ్యి ఆడదు. మొన్నటి పేజీలో మూడు లెక్కలు చేశాను. మొదటిది: తండ్రీ కొడుకుల ప్రస్తుత వయసుల మొత్తం 50. 5 సంవత్సరాల దగ్గర కాగితం మడత పడి తర్వాతి మాట కనిపించలేదు, అది ‘క్రితం’ అనుకున్నాను. అప్పుడు తండ్రి వయసు కొడుకు వయసుకు 3 రెట్లు. కొడుకు ప్రస్తుత వయసు నాకు పదకొండుంబావు వచ్చింది. ఆప్షన్లు 10, 12, 15, 18. రెండోది: 40 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్లు 4:1. కొంత మిశ్రమం తీసి అన్నే నీళ్లు పోస్తే నిష్పత్తి 3:2 అయింది, తీసింది ఎంత? నాకు 8 వచ్చింది, జవాబు 10 అట. మూడోది గడియారం లెక్క: 4కు, 5కు మధ్య ముల్లులు లంబకోణంలో ఎప్పుడుంటాయి? నాకు 60/11 నిమిషాలు వచ్చింది, ఆప్షన్లలో 55/11, 382/11 ఉన్నాయి. ఇంగ్లీషు వైపు సగం ఫొటోలో పడలేదు. నేను ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరు. 
— ఒక పాఠకురాలు, కావలి

అమ్మా, మీ మూడు జవాబుల్లో ఒకటి నిజానికి సరైనదే. దాన్ని చివర చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు మీది కాదు, ఫోటోది. ముందు వయసుల లెక్క చూద్దాం. మీరు రాసిన సమీకరణం ఉత్తరంలో లేకపోయినా, పదకొండుంబావు అనే జవాబే దాన్ని బయటపెడుతోంది. కొడుకు ఇప్పటి వయసును x అనుకుని, తండ్రి వయసు 50 − x గా తీసుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మీ కాగితం మీద ఈ వరుస ఉండి ఉంటుంది:

50 − x − 5 = 3x

దీన్ని సాధిస్తే 4x = 45, అంటే x = 11¼ వస్తుంది. తండ్రిని అయిదేళ్లు వెనక్కి పంపారు గాని, కొడుకును ఇప్పటి వయసులోనే నిలబెట్టారు. వాక్యంలో ‘5 సంవత్సరాల క్రితం’ అన్న మాట ఒక్కసారే వస్తుంది, అదీ తండ్రి ప్రస్తావనకు ముందు వస్తుంది కాబట్టి, దాన్ని తండ్రి వయసుకు మాత్రమే తగిలించి, కొడుకు దగ్గరికి వచ్చేసరికి మరచిపోవడం చాలామంది చేసే పని. నిజానికి ఆ మాట ఒక మనిషికి చెందినది కాదు, మొత్తం వాక్యానికి చెందినది. ఆ వాక్యంలో ఎంతమంది పేర్లు ఉన్నాయో అందరూ కలిసి అయిదేళ్లు వెనక్కి నడవాలి. సరైన వరుస ఇది:

50 − x − 5 = 3(x − 5)

ఇప్పుడు 45 − x = 3x − 15, కాబట్టి 4x = 60, x = 15. సరిచూడండి: కొడుకు 15, తండ్రి 35, అయిదేళ్ల క్రితం 10, 30, ముప్పయి పదికి మూడు రెట్లే.

ఈ పొరపాటు రాకుండా ఉండటానికి నేను బడిలో పిల్లల చేత సమీకరణం కంటే ముందు నాలుగు గళ్లు గీయించేవాణ్ణి. పై వరుసలో ‘ఇప్పుడు’, కింది వరుసలో ‘అప్పుడు’, నిలువుగా ‘తండ్రి’, ‘కొడుకు’. నాలుగు గళ్లూ నిండే వరకు సమాన గుర్తు రాయకూడదని నియమం. మీరు పద్దులు రాసే మనిషి కాబట్టి ఇది మీకు కొత్త కాదు. జమ రాసి ఖర్చు గడి ఖాళీగా వదిలితే రాత్రికి పద్దు ఎలా కుదరదో, కొడుకు ‘అప్పుడు’ గడి ఖాళీగా ఉంటే ఈ లెక్కా అలాగే కుదరదు.

ఇక్కడ మీరు ఎంచుకోగల దారి ఇంకొకటి ఉంది. x ను ఇప్పటి వయసుగా కాకుండా, అయిదేళ్ల క్రితం కొడుకు వయసుగా పెట్టుకోవచ్చు. అప్పుడు తండ్రి ఆనాటి వయసు 3x, ఇప్పటి వయసులు x + 5, 3x + 5, మొత్తం 4x + 10 = 50, కాబట్టి x = 10. బ్రాకెట్లు లేవు, గుర్తులు తారుమారయ్యే అవకాశమూ తక్కువ. రెట్ల సంబంధం ఏ కాలంలో చెప్పారో ఆ కాలంలోనే x ను పెట్టుకోవడం వల్ల కలిగే సుఖం ఇది. అయితే దీనికి తగిన మూల్యమూ ఉంది: వచ్చిన 10 అయిదేళ్ల క్రితం వయసు, ప్రశ్న అడిగింది ఇప్పటి వయసు. ఆప్షన్లలో మొదటిదే 10 అని గమనించారా? ప్రశ్న కూర్చిన వ్యక్తి దాన్ని అక్కడ ఊరికే పెట్టలేదు. ఈ దారిలో వెళ్లేవారు కాగితం మూల ‘x అంటే కొడుకు అప్పటి వయసు’ అని నాలుగు ముక్కలు రాసుకోక తప్పదు. మొదటి దారిలో ఆ బాధ లేదు గాని, బ్రాకెట్ విప్పేటప్పుడు 3(x − 5) ను 3x − 5 చేసే ప్రమాదం ఉంది. మీ పాత కాగితాలు తిరగేసి, మీరు ఎక్కువగా ఏ తప్పు చేస్తున్నారో చూసుకుని ఏదో ఒక దారిని పట్టుకోండి. ఒకే లెక్కలో రెండూ కలపడం మాత్రం మంచిది కాదు.

ఇక మడతలో పోయిన మాట సంగతి. మీరు ‘క్రితం’ అని ఊహించారు. ఆ మాట ‘తర్వాత’ అయి ఉంటే ఏమవుతుందో చేసి చూశాను:

50 − x + 5 = 3(x + 5)

55 − x = 3x + 15, x = 10. కొడుకు 10, తండ్రి 40. అయిదేళ్ల తర్వాత 15, 45. మళ్లీ మూడు రెట్లే. అంటే ఏ మాట పెట్టినా వయసు పూర్ణాంకంగానే వస్తుంది, రెండు జవాబులూ ఆప్షన్లలోనే ఉన్నాయి. నేను ఇంత సేపు ఈ ఒక్క లెక్క మీద ఆగడానికి కారణం ఇదే. ‘జవాబు పూర్ణాంకంగా వచ్చింది, ఆప్షన్లలోనూ ఉంది, కాబట్టి సమీకరణం సరైనది’ అని చాలామంది ధీమాగా ఉంటారు. పూర్ణాంకం రాకపోతే ఏదో తప్పు జరిగిందని అనుమానించడానికి అది పనికొస్తుంది, మీ పదకొండుంబావు విషయంలో పనికొచ్చింది కూడా. కానీ పూర్ణాంకం రావడం మాత్రం ఏ రుజువూ కాదు. ఆప్షన్లను ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టి చూసే పద్ధతి కూడా ఇక్కడ చేతులెత్తేస్తుంది: ఏ మాట పెట్టి చదివినా 12, 18 పోతాయి గాని, 10, 15 మధ్య తేల్చేది ఆ ఒక్క మాటే. వాక్యం పూర్తిగా చేతిలో ఉన్నప్పుడు ఆప్షన్లు వెనక్కి పెట్టి చూడటం పరీక్ష హాలులో వేగంగా గట్టెక్కించే పద్ధతే, నేను కాదనను. అయితే ఇంట్లో అభ్యాసం కూడా అలాగే చేస్తే, మీరు అడిగిన అసలు కష్టం, అంటే మాటల నుంచి సమీకరణానికి రావడం, ఎప్పటికీ అలవడదు. కాబట్టి మడతలో పోయిన మాటను ఊహించకుండా స్నేహితురాలిని అడగండి. ఆవిడ అందుబాటులో లేకపోతే రెండు సమీకరణాలూ రాసి, రెండు జవాబులూ పక్కపక్కన ఉంచండి.

అడిగేటప్పుడు ఇంగ్లీషు వైపు కూడా పంపమనండి. రెండు భాషల్లో ఇచ్చే నియామక పరీక్షల్లో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని సాధారణంగా ముందే రాస్తారు, కాబట్టి క్రితమా, తర్వాతా, తీసింది మిశ్రమమా, పాలా అన్నవి అక్కడే ఖాయం చేసుకోవాలి. కానీ రెట్ల సంబంధం రాసేటప్పుడు మాత్రం తెలుగు వాక్యం వైపే చూడమని నా సలహా. దీనికి కారణం భాషాభిమానం కాదు. ‘తండ్రి వయసు కొడుకు వయసుకు 3 రెట్లు’ అన్నప్పుడు మన భాషలో ‘కు’ అనే చిన్న ప్రత్యయం, 3తో గుణించవలసింది ఎవరి వయసునో వేలు పెట్టి చూపిస్తుంది. పైగా ఆ 3 కొడుకు పక్కనే కూర్చుంటుంది. ‘కు’ ఎవరికి అంటితే వారి పక్కన 3 రాస్తాం: తండ్రి = 3 × కొడుకు. అలాగే ‘కంటే’ ఎవరికి అంటితే వారికి కలుపుతాం: ‘అన్న తమ్ముడి కంటే 4 ఏళ్లు పెద్ద’ అంటే అన్న = తమ్ముడు + 4. ఇంగ్లీషు వాక్యంలో ఆ మూడు అనే మాట తండ్రి వైపు ముందుగా వచ్చేస్తుంది కాబట్టి, ఎడమ నుంచి కుడికి చదువుతూ అదే వరుసలో రాసేవాళ్లు తండ్రిని మూడుతో గుణించి కొడుకుకు సమానం చేస్తారు.

ఇది తెలివితక్కువవాళ్లు చేసే తప్పని అనుకోవద్దు. 1980ల తొలినాళ్లలో అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒకే ఒక వాక్యం ఇచ్చి సమీకరణం రాయమన్నారు: ఈ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంఖ్య ఆచార్యుల సంఖ్యకు ఆరు రెట్లు. విద్యార్థులకు S, ఆచార్యులకు P అని అక్షరాలు కూడా వాళ్లే ఇచ్చారు. మూడో వంతుకు పైగా తప్పు రాశారు, వారిలో ఎక్కువమంది రాసింది 6S = P. మాటల వరుసను అలాగే దించేయడం ఒక కారణం. ఇంకో కారణం మరింత లోతైనది: S అంటే విద్యార్థుల సంఖ్య అని కాకుండా ‘ఒక విద్యార్థి’ అని అనుకుని, ఆరుగురు విద్యార్థులకు ఒక ఆచార్యుడు అనే బొమ్మను అక్షరాలతో గీశారు. మీరు కూడా ‘x అంటే కొడుకు’ అని రాయకుండా, ‘x అంటే కొడుకు వయసు, ఏళ్లలో’ అని రాసే అలవాటు చేసుకుంటే ఈ రెండో గొయ్యిలో పడరు. అనుమానం వస్తే ఒక అంకె పెట్టి చూడండి. కొడుకు 10 అయితే తండ్రి 30 రావాలి. మీ వరుస అలా ఇస్తోందా లేదా? అర నిమిషం పట్టదు.

తెలుగు వైపు కూడా ఒక్కోసారి మాట నిలకడగా ఉండదు. ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించినప్పుడు ‘తండ్రి వయసు 3 రెట్లు కొడుకు వయసు’ అని ‘కు’ లేకుండా అచ్చేస్తారు. అలాంటి చోట తండ్రి కొడుకు కంటే పెద్దవాడన్న లోకజ్ఞానమే దిక్కు. ‘3 రెట్లు ఎక్కువ’ అన్నది మరొక తలనొప్పి. అక్షరాలా తీసుకుంటే నాలుగు రెట్లు అవుతుంది గాని, ఈ పరీక్షలు కూర్చేవాళ్లు ఎక్కువగా మూడు రెట్లు అనే అర్థంలోనే వాడతారు. ముందు మూడుతో చేసి, పొసగకపోతేనే నాలుగుతో చేయండి.

పాల లెక్కకు వద్దాం. 40 లీటర్లలో 4:1 అంటే పాలు 32, నీళ్లు 8. మీకు 8 ఎలా వచ్చిందో నాకు తెలుసు:

(32 − x) : (8 + x) = 3 : 2

దీన్ని అడ్డంగా గుణిస్తే 64 − 2x = 24 + 3x, x = 8. లెక్కగా ఇందులో తప్పే లేదు. కానీ ఈ సమీకరణం చెబుతున్న కథ వేరు: ఎవరో క్యానులోంచి x లీటర్ల పాలు మాత్రమే తీసి, అన్ని నీళ్లు పోశారు. కలిసిపోయిన పాలూ నీళ్లలో చెంబు ముంచి పాలు మాత్రమే పైకి తీయగలిగితే కల్తీ అనే మాటే పుట్టేది కాదు. ముంచిన ప్రతి అయిదు లీటర్లలో నాలుగు లీటర్లు పాలు, ఒక లీటరు నీళ్లు వస్తాయి. కాబట్టి x లీటర్ల మిశ్రమం తీస్తే పోయే పాలు x లో అయిదింట నాలుగు వంతులు, మిగతా వంతు నీళ్లు. నీళ్ల లెక్క కూడా రాయాలంటే 8 లోంచి x లో అయిదో వంతు తీసి, ఆ తర్వాత x కలపాలి; రాయవచ్చు, కానీ గందరగోళం. దానికంటే, తర్వాత ఏ పదార్థాన్ని పోయలేదో దాన్ని మాత్రమే వెంటాడటం తేలిక. ఇక్కడ పోసింది నీళ్లు, కాబట్టి పాలనే పట్టుకుందాం. చివరికి క్యానులో మళ్లీ 40 లీటర్లే ఉన్నాయి, నిష్పత్తి 3:2 కాబట్టి పాలు 24 లీటర్లు:

32 − (4/5)x = 24

x = 10. సరిచూడండి: 10 లీటర్లు తీస్తే 8 పాలు, 2 నీళ్లు పోతాయి; మిగిలినవి 24, 6; ఆపై 10 నీళ్లు పోస్తే 24, 16; అంటే 3:2.

మీ తప్పు సమీకరణం కూడా పూర్ణాంకమే ఇచ్చిందని మళ్లీ గమనించండి. మీరు పట్టుకోవలసిన మాట ‘మిశ్రమం’. ‘మిశ్రమం తీసి’ అంటే వంతు గుణించాలి. ఏమీ తీయకుండా ‘మిశ్రమానికి నీళ్లు కలిపి’ అన్నారంటే పాలు కదలవు, మొత్తం పెరుగుతుంది. ‘తీసి అన్నే నీళ్లు పోయడం’ రెండుసార్లు జరిగితే, రెండోసారి తీసినప్పుడు పాల వంతు మారిపోయి ఉంటుంది. మిగిలిన పాలను ప్రతిసారీ క్యానులో మిగిలిన వంతుతో గుణించాలి తప్ప, మొదటిసారి పోయినన్నే మళ్లీ పోయాయని తీసివేయకూడదు. మీ ఈ క్యానులోంచే రెండోసారి 10 లీటర్లు తీస్తే పోయే పాలు 8 కాదు, 24 లో నాలుగో వంతు, అంటే 6. ఫోటోల్లో ఈ లెక్కలకు మరో బెడద నిష్పత్తి చుక్కలు. మసకగా పడితే 4:1 కాస్తా 4.1 గా కనిపిస్తుంది. పాలు, నీళ్లు అని రెండు పేర్లు చెప్పి ఒకే అంకె ఇచ్చినట్టు కనిపిస్తే అది దశాంశం కాదు.

ఇక గడియారం. ఇక్కడ మీరు తప్పలేదు. 4 గంటలకు గంటల ముల్లు నిమిషాల ముల్లు కంటే 120 డిగ్రీలు ముందుంటుంది, నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు, గంటల ముల్లు అర డిగ్రీ నడుస్తాయి, కాబట్టి వాటి మధ్య దూరం నిమిషానికి అయిదున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. 120 నుంచి 90కి రావడానికి 30 డిగ్రీలు తగ్గాలి, 30ని 5.5తో భాగిస్తే 60/11. మీరు గంటల ముల్లును నాలుగు దగ్గరే మేకు కొట్టి ఉంచకుండా నడిపించారు, చాలామంది ఇక్కడే తప్పుతారు. మీకు వచ్చిన 60/11 ను మిశ్రమ భిన్నంగా రాస్తే 5 పూర్ణం, పదకొండింట 5 వంతులు, అంటే 5 5/11. అచ్చులో పక్కపక్కన ఉన్న ఆ రెండు అయిదులు ఫోటోలో కలిసిపోయి 55/11 అయ్యాయి. నిజంగానే 55/11 అయితే అది సరిగ్గా 5 నిమిషాలు. పరీక్ష కూర్చేవాళ్లు 5 అని రాయకుండా 55/11 అని ఎందుకు రాస్తారు? పైగా 4 గంటల 5 నిమిషాలకు ముల్లుల మధ్య కోణం 92½ డిగ్రీలు, లంబకోణం కాదు. ఈ రకం లెక్కల్లో హారం 11 కనిపిస్తే, దాని పైన ఉన్న అంకెల్లో మొదటివి పూర్ణాంకమేమో అని చూడండి.

అలా చూస్తే 382/11 కూడా అసలు రూపంలో 38 2/11. నిమిషాల ముల్లు గంటల ముల్లును దాటి 90 డిగ్రీలు ముందుకు పోయినప్పుడు, అంటే మొత్తం 210 డిగ్రీలు గెలిచినప్పుడు, 210ని 5.5తో భాగిస్తే వచ్చేది అదే. నాలుగుకు, అయిదుకు మధ్య ముల్లులు రెండుసార్లు లంబకోణంలోకి వస్తాయి, ఆ రెండూ ఆప్షన్లలో ఉన్నాయి, ఒకటే గుర్తించాలి. కాబట్టి ప్రశ్నలో ‘మొదటిసారి’ అనో, ‘రెండోసారి’ అనో ఒక మాట ఉండి తీరాలి. మీరు రాసిన ప్రశ్నలో అది లేదు. మీ స్నేహితురాలు మళ్లీ ఫోటో పంపేటప్పుడు పేజీని బల్ల మీద మడత లేకుండా పరిచి, రెండు భాషల వైపులూ అంచుల దాకా పడేలా తీయమని చెప్పి, ఆ మాట ఏమిటో చూసుకోండి. ‘మొదటిసారి’ అయితే మీ 60/11 ఉన్నది ఉన్నట్టుగా సరైన జవాబు.